సగ్గుబియ్యం కిచిడీ ఎందుకు ముద్దవుతుంది?

గుంతకల్లులో మేం ఉండే వీధి రైల్వే క్వార్టర్లకు దగ్గర. ముంబై–చెన్నై లైను మీద ఉన్న జంక్షన్ కాబట్టి సోలాపూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మరాఠీ కుటుంబాలు ఇక్కడ కొన్ని ఉన్నాయి. మా పక్కింటి కాకూ వాళ్లది పండరీపురం దగ్గరి పల్లె. మనకు తొలి ఏకాదశి అయిన రోజే వాళ్లకు ఆషాఢీ ఏకాదశి. ఆ రోజు వాళ్లింట్లో చేసే సగ్గుబియ్యం కిచిడీ ప్లేటులో పోస్తే ముత్యాలు జారినట్టు జారుతుంది. మొదటిసారి నేను చేసినప్పుడు మాత్రం గరిటెకు అంటుకున్నది కింద పడలేదు. బాణలిలో ఉన్నదంతా ఒకే ఉండగా తిరిగింది.

కాకూ వచ్చి చూసి రెండే ప్రశ్నలు అడిగింది. "కడిగినావా? ఎన్ని నీళ్లు పోసినావు?" కడిగాను, ఒకసారి. నీళ్లు, గిన్నె నిండా పోశాను, బియ్యం నానబెట్టినట్టు. తప్పంతా ఆ రెండు జవాబుల్లోనే ఉంది. అది ఎలా తప్పో అర్థం కావడానికి నాకు చాలా ఏకాదశులు పట్టింది. మన ఇళ్లలో సగ్గుబియ్యం అంటే పాయసం, వేసవిలో వడియాలు, జ్వరం వస్తే జావ. ఆ మూడింటికీ జిగురు కావాలి. కిచిడీకి అదే జిగురు శత్రువు. అలవాటైన చేతితో కిచిడీ చేస్తే అది పాయసం దారి పట్టడంలో ఆశ్చర్యం లేదు.

పూస లోపల ఏముంది

పేరులో బియ్యం ఉన్నా ఇది గింజ కాదు. కర్ర పెండలం దుంపను తురిమి, పిండిపాలు తీసి, తొట్లలో తేరనిచ్చి, అడుగున దిగిన తడిపిండిని గుండ్రని పూసలుగా దొర్లించి చేస్తారు. మన దేశంలో దీనికి పెద్ద కేంద్రం తమిళనాడులోని సేలం. మన రాష్ట్రంలో సామర్లకోట, పెద్దాపురం వైపు కూడా మిల్లులున్నాయి. దొర్లించిన పూసల్ని వేడి పెనం మీద వేయిస్తారు, లేదా ఆవిరి పట్టిస్తారు. తర్వాత ఎండబెడతారు.

ఇక్కడే బియ్యానికీ దీనికీ ఉన్న తేడా గమనించాలి. బియ్యపు గింజ ప్రకృతి కట్టిన గోడల మధ్య పిండి. ఉడికినా ఆ గోడలు కొంతవరకు నిలబడి గింజ ఆకారాన్ని కాపాడతాయి. సగ్గుబియ్యంలో ఆ గోడలు లేవు. అది దాదాపు మొత్తం పిండే. పైన వేడి తగిలిన చోట పిండి కొద్దిగా ఉడికి ఒక పలుచని పొరలా గట్టిపడుతుంది. పూసను పూసగా పట్టి ఉంచేది ఆ పొర ఒక్కటే. అది దెబ్బ తినకుండా లోపలి పిండిని ఉడికించడమే కిచిడీలో మనం చేసే పని.

కర్ర పెండలం పిండి చల్లటి నీళ్లలో కరగదు. కొంచెం నీరు పీల్చి మెత్తబడుతుంది, అంతే. వేడి సుమారు 60 డిగ్రీలు దాటాక అది తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు లాక్కుని ఉబ్బుతుంది, పగులుతుంది, బంకగా సాగుతుంది. బియ్యప్పిండి గంజి కన్నా ఈ బంక ఎక్కువ సాగుతుంది, ఎక్కువ అంటుకుంటుంది. నేత చీరలకు సగ్గుబియ్యం గంజి పెట్టిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గుప్పెడు సగ్గుబియ్యంతో చీర మొత్తం పెళపెళలాడుతుంది.

కాబట్టి ముద్ద కావడానికి రెండు సరుకులు కావాలి. ఒకటి పూస బయట ఉన్న వదులు పిండి. రెండోది పూస బయట ఉన్న నీళ్లు. ఈ రెండూ బాణలిలో కలిస్తే గంజి, ఆ గంజి పూసల మధ్య జిగురు. వదులు పిండిని కడిగి తీసేయాలి, నీళ్లన్నీ పూస లోపలికి పంపాలి. నేను చెప్పబోయేవన్నీ ఈ రెండు పనులు చేసే పద్ధతులే.

ముందు ప్యాకెట్ చూడండి

మా వైపు కిరాణా కొట్లలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి తెల్లగా, సుద్దలా, వెలుతురు దూరని పూస. రెండోది గాజులా మెరుస్తూ అవతలి వెలుతురు కనిపించే పూస, దాన్ని నైలాన్ సగ్గుబియ్యం అంటారు. నైలాన్ రకాన్ని ఆవిరి మీద ఉడికించి ఆరబెడతారు. అంటే అందులో పిండి ముందే చాలావరకు ఉడికిపోయింది. చల్లటి నీళ్లలో ఎంత నానబెట్టినా అది ఒక పట్టాన మెత్తబడదు. పైన జారుడుగా, లోపల గట్టిగా ఉంటుంది. పాయసానికీ వడియాలకూ చక్కగా పనికొస్తుంది. కిచిడీకి తెల్ల రకమే తీసుకోండి. వడియాలకు తెచ్చి మిగిలిన డబ్బాలో ఏ రకం ఉందో వెలుతురుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. నా మొదటి కిచిడీలో సగం కష్టం ఆ డబ్బా నుంచే వచ్చింది.

తెల్లవాటిలో కూడా ఒకే సైజు పూసలున్న ప్యాకెట్ చూడండి. చిన్నా పెద్దా కలిసి ఉంటే చిన్నవి నానిపోయి చితికే సమయానికి పెద్దవాటి లోపల ఇంకా పలుకు ఉంటుంది. ప్యాకెట్ అడుగున పిండి ఎక్కువగా చేరి ఉంటే దారిలో పూసలు విరిగాయని అర్థం. అలాంటిదాన్ని జల్లెడ పట్టి పిండిని తీసేశాకే కడగాలి.

కడగడం: మూడు నీళ్లు, తేలిక చెయ్యి

మొదటిసారి కడిగిన నీళ్లను పారబోయకుండా ఒక గిన్నెలో ఉంచండి. ఒక గంటకు అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. పైనున్న తేట నీటిని చాలావరకు వంపేసి, ఆ మడ్డిని స్టవ్ మీద పెట్టి కలపండి. కొద్దిసేపట్లో తెలుపు పోయి, వేలికి సాగే జిగురుగా మారుతుంది. సరిగ్గా కడగని కిచిడీలో పూసల మధ్య చేరేది ఇదే. నేను ఒకసారి ఇలా చేసి చూశాక, కడిగే పనిని మళ్లీ ఎప్పుడూ తొందరగా ముగించలేదు.

వెడల్పాటి గిన్నెలో సగ్గుబియ్యం వేసి, చల్లటి నీళ్లు ధారాళంగా పోసి, వేళ్లు విడదీసి మెల్లగా తిప్పండి. అర నిమిషం చాలు. నీళ్లు పాలలా అవుతాయి. వంపేసి మళ్లీ పోయండి. ఇలా మూడు సార్లు, పిండి ఎక్కువున్న సరుకైతే నాలుగు సార్లు. నీళ్లలో ముంచిన అరచేతి గీతలు కనిపిస్తే చాలు, అక్కడ ఆపేయాలి. నీళ్లు పూర్తిగా తేటగా అయ్యేదాకా కడగాలని పట్టుపడితే నష్టమే. పూస తడిసేకొద్దీ పైపొర మెత్తబడుతుంది. బియ్యం కడిగినట్టు అరచేతుల మధ్య రుద్దితే ఆ పొర ఊడి, కొత్తగా పిండి వదులుతుంది. అప్పుడు ఆరోసారి కడిగినా నీళ్లు తెల్లగానే వస్తాయి, పూసలు మాత్రం చిక్కిపోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లో మధ్యాహ్నం కొళాయి తిప్పితే మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. ఆ వేడికి పిండి ఉడికిపోదు గానీ పైపొర మాత్రం త్వరగా మెత్తబడి చేతి కింద నలుగుతుంది. కడగడానికీ నానబెట్టడానికీ కుండ నీళ్లో, పొద్దున్నే పట్టి ఉంచిన నీళ్లో వాడండి.

కడిగాక చిల్లుల గిన్నెలోకి తీసి ఐదు నిమిషాలు వదిలేయండి. పూసలకు అంటుకున్న నీరంతా కారిపోతేనే, ఆ తర్వాత మీరు కొలిచి పోసే నీటికి లెక్క ఉంటుంది. కాకూ ఈ ఐదు నిమిషాలూ గిన్నెను ఏటవాలుగా పెట్టి, మధ్యలో రెండుసార్లు తడుతుంది.

నానబెట్టడం: గంటల కన్నా నీళ్ల కొలత ముఖ్యం

"ఎంతసేపు నానబెట్టాలి?" అని అందరూ అడుగుతారు. నిజానికి ముందు అడగాల్సింది "ఎన్ని నీళ్లలో?" అని. గిన్నె నిండా నీళ్లు పోసి రెండు గంటలు ఉంచితే, పైపూసలు అవసరానికి మించి తాగి పగులుతాయి. లోపల సమంగా నానలేదు కాబట్టి పలుకూ మిగులుతుంది. వంపేసినా పూసల సందుల్లో నీళ్లుంటాయి. అదే కొలిచి పోస్తే, ఉన్న నీరంతా పూసలు తాగేశాక ఇంకా తాగడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత ఇంకో గంట అదనంగా ఉంచినా పెద్ద ప్రమాదం లేదు. పైనున్న తేమ నెమ్మదిగా మధ్యకు చేరి పూస అంతా ఒకేలా మెత్తబడుతుంది.

కొలత ఇదీ: ఒక గ్లాసు సగ్గుబియ్యానికి, కడిగి వడగట్టిన తర్వాత, ముప్పావు గ్లాసు నీళ్లు. గ్లాసు లేకపోతే కంటి లెక్క: పూసల్ని గిన్నెలో సమంగా పరిచి, నీళ్లు వాటి పైభాగానికి సరిగ్గా తగిలేంత పోయాలి, పైన నిలవకూడదు. ఈ కంటి లెక్క వెడల్పు గిన్నెలోనే పని చేస్తుంది. లోతైన గిన్నెలో పోస్తే అడుగు పూసలు నీళ్లలో మునిగి ఎక్కువ తాగుతాయి, పై వరుస ఎండిపోతుంది, పైబరువుకు అడుగున చితుకుతాయి కూడా. రెండు వేళ్ల మందం కన్నా ఎక్కువ పరుపు కాకుండా చూసుకోండి.

ఇక సమయం. సన్న పూసకు రెండు మూడు గంటలు. మామూలుగా దొరికే మధ్య సైజుకు నాలుగైదు గంటలు. పెద్ద పూసకు రాత్రంతా. గంట తర్వాత ఒకసారి గిన్నెను కుదిపి, అడుగున ఉన్నవాటిని వేళ్లతో మెల్లగా పైకి తేవాలి. మూత పెట్టడం మరిచిపోవద్దు. అనంతపురం గాలి పొడిగాలి. మూత లేకపోతే పై వరుస పూసలు తాగిన నీటిని మళ్లీ ఆరబెట్టుకుంటాయి. ఎండాకాలంలో రాత్రంతా బయట ఉంచితే పులిసిన వాసన వస్తుంది కాబట్టి, రెండు గంటలు బయట ఉంచి, తర్వాత మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టడం నయం. పొద్దున వండే ముందు అరగంట బయట పెట్టండి.

ఇదే కొలతను కొత్తగా తెచ్చిన ప్యాకెట్ మీద గుడ్డిగా వాడకండి. ఒక్కో సరుకు ఒక్కో తీరుగా తాగుతుంది. కొంతమందికి గ్లాసుకు గ్లాసు పోసినా బాగానే వస్తుంది, నాకు మాత్రం ఎప్పుడూ ముప్పావు గ్లాసే కుదిరింది. తక్కువతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే తర్వాత చిలకరించవచ్చు. ఎక్కువైన నీటిని పూస లోపలి నుంచి బయటకు తీయలేం.

నానిందో లేదో చూడడానికి గిన్నెలో పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి పూస తీయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. మెత్తటి వెన్నలా నలిగిపోతే నానినట్టు. మధ్యలో ఇసుక రేణువులా ఏదైనా తగిలితే అది పలుకు, ఇంకా సమయం కావాలి. ఇప్పుడు గుప్పెడు తీసుకుని మెల్లగా మూసి తెరవండి. విడిపోయి రాలితే సరే. ఉండగా నిలిస్తే, లేదా అరచెయ్యి తడి అయితే, బయట నీళ్లు ఉన్నట్టే.

పలుకు ఉంటే రెండు చెంచాల నీళ్లు చిలకరించి, కలిపి, మూతపెట్టి ఇంకో అరగంట ఆగండి. తడి ఎక్కువైతే పలుచటి నూలు గుడ్డ మీద పరిచి, ఫ్యాను కింద అరగంట నీడన ఆరనివ్వండి. ఎండలో మాత్రం వద్దు, పైపొర బిరుసెక్కుతుంది.

మూడు గిన్నెలు

చెప్పిన మాట నమ్మడం కన్నా చేసి చూడడం నయమని, ఒక ఆదివారం కాకూను కూర్చోబెట్టుకుని ఒకే ప్యాకెట్‌లోంచి ఒక్కో గ్లాసు చొప్పున మూడు గిన్నెల్లో పోశాను. మొదటి గిన్నెలో సగ్గుబియ్యం కడగకుండా, రెండు గ్లాసుల నీళ్లు పోసి నాలుగు గంటలు ఉంచి వంపేశాను. రెండోదాన్ని మూడుసార్లు కడిగి, వడగట్టి, ముప్పావు గ్లాసు నీళ్లు పోసి నాలుగు గంటలు ఉంచాను. మూడోదాన్నీ అలాగే కడిగి, అదే కొలతతో నీళ్లు పోసి, గంటకే తీశాను. మిగతాదంతా ఒకటే: అదే బాణలి, అంతే నెయ్యి, అంతే శెనక్కాయ పొడి.

మొదటిది బాణలిలో పడిన రెండో నిమిషానికే అట్లకాడకు అంటుకుంది. నాలుగో నిమిషానికి ముద్ద. దాన్ని విడదీయడానికి కలిపేకొద్దీ పూసలు తెగి ఇంకా జిగురు వదిలాయి. మూడోది అసలు ముద్ద కాలేదు, పొడిగానే వచ్చింది. చూడడానికి బాగుంది. కానీ నోట్లో పెట్టుకుంటే ప్రతి పూస మధ్యలో పలుకు. ఆ పలుకు పోతుందేమోనని నీళ్లు చిలకరించి మూత పెడితే, లోపల ఉడకకముందే బయట బంక మొదలైంది. చాలామంది కిచిడీలు ఈ దారిలోనే చెడతాయని నాకు ఆ రోజు తెలిసింది. తక్కువ నానింది గట్టిగా ఉందని బాణలిలో నీళ్లు పోస్తారు, అది జిగురు అవుతుంది, "ఎక్కువ నానబెట్టాను" అనుకుని తర్వాతిసారి ఇంకా తక్కువ నానబెడతారు. అసలు తప్పు దానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

రెండో గిన్నె మాత్రం కాకూ కిచిడీకి దగ్గరగా వచ్చింది.

వేయించడం ఒకటి కాదు, మూడు

కిచిడీ గురించి చెప్పేటప్పుడు "వేయించాలి" అనే మాటను మూడు పనులకు వాడతారు, అందుకే గందరగోళం.

ఒకటి, కడగకముందే పొడి సగ్గుబియ్యాన్ని సన్నమంట మీద వేయించడం. ఇలా చేస్తే జిగురు రాదని కొందరు గట్టిగా చెబుతారు. నీళ్లు లేకుండా పిండి ఉడకదు కాబట్టి, పొడిగా వేయించినంత మాత్రాన దాని జిగురు గుణం మారిపోదు. వదులు పిండి ఎక్కడికీ పోదు, వేయించాక కూడా కడగాల్సిందే. వానాకాలంలో డబ్బాలో తేమ పట్టి పూసలు మెత్తబడి ఉంటే మూడు నాలుగు నిమిషాలు రంగు మారకుండా వేడి చేయడం వల్ల ఆ తేమ పోతుంది, కడిగేటప్పుడు పూస చితకదు. అంతవరకే దాని మేలు. మంచి సరుకైతే నేను ఈ పని చేయను.

రెండోది శెనక్కాయ విత్తనాలు వేయించడం. కర్నూలు వైపు వీటినే బుడ్డలంటారు. కిచిడీ పొడిపొడిగా రావడంలో, కడగడం తర్వాత ఎక్కువ మేలు చేసేది ఇదేనని నా అభిప్రాయం. శెనక్కాయలు పండే జిల్లాలో ఉండి దీన్ని రుచి కోసం వేసే చిటికెడు పొడిగా చూడడం నాకు బాధగా అనిపిస్తుంది. విత్తనంలో దాదాపు సగం నూనె. బరకగా దంచిన పొడి ప్రతి పూసనూ అంటుకుని, పైనున్న కాస్త తడిని పీల్చుకుని, నూనె పూత పూసి, పూసకూ పూసకూ మధ్య అడ్డంగా నిలబడుతుంది. అందుకే మరాఠీవాళ్లు "దాణ్యాచా కూట్" అని దీనికి పేరు పెట్టి డబ్బాలో సిద్ధంగా ఉంచుకుంటారు.

గ్లాసు సగ్గుబియ్యానికి అర గ్లాసు విత్తనాలు. మందపాటి బాణలిలో, సన్నమంట మీద, ఎనిమిది నుంచి పది నిమిషాలు. పొట్టు మీద అక్కడక్కడ గోధుమ మచ్చలు పడి, రెండు వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడాలి. మంట పెద్దదైతే బయట మాడి లోపల పచ్చిగా ఉంటాయి. పచ్చి విత్తనంలో తడి ఉంటుంది, దాని పొడి కిచిడీలో ముద్ద కడుతుంది. వేగాక పూర్తిగా చల్లారనివ్వండి, చాటలో వేసి పొట్టు చెరగండి. మిక్సీలో ఒక్కసారిగా తిప్పకుండా, ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పండి. వేడిమీద ఉన్నప్పుడు తిప్పినా, ఎక్కువసేపు తిప్పినా నూనె బయటికి వచ్చి ముద్దవుతుంది. సన్న రవ్వ మాదిరి వస్తే చాలు. రోలు ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు, నాలుగు పోట్లు వేస్తే సరిపోతుంది.

ఈ పొడిని బాణలిలో కాదు, ముందే గిన్నెలో కలపండి. నానిన సగ్గుబియ్యంలో శెనక్కాయ పొడి, ఉప్పు, అర చెంచా చక్కెర వేసి వేళ్లతో తేలిగ్గా కలిపితే పూసలు పొడి పొర తొడుక్కుని విడివిడిగా కనిపిస్తాయి. బాణలిలో వేశాక ఉప్పు కోసం మళ్లీ మళ్లీ కలపాల్సిన అవసరం ఉండదు.

మూడోది, చివరగా బాణలిలో వేయించడం. వెడల్పాటి బాణలి తీసుకుని, గ్లాసు సగ్గుబియ్యానికి రెండు పెద్ద చెంచాల నెయ్యి వేయండి. శెనగనూనె అయినా సరే. జీలకర్ర చిటపటలాడాక, పచ్చిమిరప ముక్కలు వేయండి. ఉపవాసానికైతే కాకూ ఆవాలు, ఉల్లిపాయ, పసుపు వేయదు. మామూలు రోజుల్లో మన తిరువాత మీ ఇష్టం. ఆలుగడ్డ వేసేవాళ్లు ఉడికించి చిదిమింది వద్దు. చిన్న ముక్కలు కోసి నెయ్యిలోనే మగ్గించుకోండి. చిదిమిన ఆలుగడ్డ తన తడిని, తన జిగురును పూసల మధ్యకు తెస్తుంది.

సగ్గుబియ్యం వేశాక మంట మధ్యస్థానికి కొంచెం కింద ఉండాలి. అట్లకాడను అడుగు నుంచి తీసుకొచ్చి తిరగేయాలి తప్ప గుండ్రంగా తిప్పి కలపకూడదు. నిమిషానికి రెండుసార్లు తిరగేస్తే ఎక్కువ. ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పూసలు తెలుపు పోయి గాజులా మారడం మొదలవుతుంది. ఇప్పుడు కళ్లు దాని మీదే ఉండాలి. చాలావరకు పూసలు గాజులా అయి, మధ్యలో ఆవగింజంత తెల్ల చుక్క మిగిలి ఉన్నప్పుడే స్టవ్ ఆపేయండి. లోపలి వేడికి ఆ చుక్క దానంతట అదే పోతుంది. తెల్ల చుక్క ఒక్కటీ లేకుండా అన్నీ గాజులా మారేదాకా ఆగితే, స్టవ్ ఆపాక కూడా పూసలు ఉబ్బుతూనే ఉంటాయి. ప్లేటులోకి వచ్చేసరికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

మూత విషయంలో జాగ్రత్త. పూర్తిగా మూస్తే ఆవిరి మూతకు నీటి బొట్లుగా పట్టి తిరిగి కిచిడీలోనే పడుతుంది. మనం నాలుగు గంటలు కష్టపడి తీసేసిన బయటి నీళ్లు అలా వెనక్కి వస్తాయి. మగ్గాలనిపిస్తే మూతను ఓరగా పెట్టి రెండు నిమిషాలు చాలు. నిమ్మరసం, కొత్తిమీర స్టవ్ ఆపాకే.

ఇంట్లో పదిమంది ఉంటే మూడు గ్లాసులదీ ఒకే బాణలిలో వేయాలనిపిస్తుంది. వద్దు. పరుపు మందమైతే అడుగు పూసల ఆవిరి పైవాటిని ఉడకబెడుతుంది, వేయించడం పోయి ఆవిరి వంట అవుతుంది. తొలి ఏకాదశి రోజు కాకూ వాళ్లింట్లో పద్నాలుగు మందికి చేసేటప్పుడు కూడా గ్లాసున్నర చొప్పున విడతలుగా చేసి, పెద్ద పళ్లెంలో పరుస్తుంది.

ముద్దయిపోయాక

బాణలిలో ఒకసారి జిగురు పుట్టాక దాన్ని వెనక్కి తీసుకెళ్లే మార్గం లేదు. ఉడికిన పిండి మళ్లీ పచ్చిది కాదు. కలిపేకొద్దీ అది ఇంకా సాగుతుంది. మొదలైందని తెలిసిన క్షణంలోనే దించి, వెడల్పు పళ్లెంలో పరిచి, ఇంకో రెండు చెంచాల శెనక్కాయ పొడి చల్లితే కొంత విడుతుంది. అప్పటికే ముద్దయితే, ఉడికించిన ఆలుగడ్డ కలిపి, చేతికి నెయ్యి రాసుకుని, చిన్న వడలుగా తట్టి పెనం మీద రెండు వైపులా కాల్చండి. నా మొదటి గిన్నెలోది అలాగే తిన్నాం.

మంచి కిచిడీ కూడా చల్లారితే గట్టిపడుతుంది. ఉడికిన పిండి చల్లబడేటప్పుడు మళ్లీ బిగుసుకోవడం దాని స్వభావం, దాన్ని ముద్ద కావడం అనుకోకండి. ఒక చెంచా నీళ్లు చిలకరించి, సన్నమంట మీద, మూత ఓరగా పెట్టి రెండు నిమిషాలు వేడి చేస్తే మెత్తబడుతుంది. ఆఫీసుకు, బడికి కట్టేటప్పుడు వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపలి ఆవిరి నీరై దిగి, మధ్యాహ్నానికి డబ్బా ఆకారంలో ముక్క బయటికి వస్తుంది. పళ్లెంలో పది నిమిషాలు ఆరబెట్టి, ఆవిరి పోయి గోరువెచ్చగా అయ్యాక డబ్బాలో వదులుగా నింపండి.